కోచ్ నోరు మెదపడం లేదు, మా పాప సర్వీస్ పాడైపోతోంది

కూకట్‌పల్లి_నాన్న
మా పాపకి పదమూడేళ్లు. రెండేళ్లుగా ఇక్కడే ఒక అకాడమీలో షటిల్ ఆడుతోంది, ఎక్కువగా డబుల్స్. మొదట్లో కోచ్ సార్ ప్రతి సర్వీస్‌కీ ఏదో ఒకటి చెప్పేవారు. "బొటనవేలు గ్రిప్ వెడల్పు వైపు పెట్టు, మోచేయి పైకి, కాక్‌ని ఈకల చివర పట్టుకో, విసరకు, వదిలెయ్." ఇప్పుడు బ్యాక్‌హ్యాండ్ షార్ట్ సర్వీస్‌కి ఇరవై నిమిషాలు ఇస్తారు, ఆ ఇరవై నిమిషాలూ చేతులు కట్టుకుని నిలబడతారు. పది సర్వీసులు అయ్యాక "వీటిలో ఏది బాగా వెళ్లింది? నెట్‌కి కొట్టినప్పుడు ఏమైంది?" అని అడుగుతారు. అంతే. నిన్న వరసగా నాలుగు నెట్‌లో పడ్డాయి, ఒక్క మాట అనలేదు. నెలకి ఆరు వేలు కడుతున్నా. పైగా పోయిన నెల టోర్నమెంట్‌లో ఇదే సర్వీస్ పూర్తిగా చేతులెత్తేసింది. అడుగుదామంటే మొహమాటం. మీ పిల్లల కోచ్‌లు కూడా ఇలాగే ఉంటారా?

మియాపూర్_వంశీ
క్వార్టర్ ఫీజు ముందే కట్టారా? రసీదు ఉంటే మిగతా నెలల డబ్బు వెనక్కి అడగొచ్చు. మా బాబు స్విమ్మింగ్‌కి అలాగే రాయించుకుని తెచ్చుకున్నాం.

కూకట్‌పల్లి_నాన్న
డబ్బు వెనక్కి వద్దు వంశీగారూ, ఆయన మంచి కోచే. ఎందుకు మాట్లాడటం మానేశారో తెలియాలి, అంతే.

రిటైర్డ్_పీఈటీ
ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ స్కూల్లో పిల్లల్ని ఆడించాను. తప్పు కనబడగానే అక్కడికక్కడ దిద్దాలి. దిద్దకుండా వదిలేస్తే ఆ తప్పే అలవాటవుతుంది. చేతులు కట్టుకుని నిలబడటానికి కోచ్ ఎందుకు, ఇంట్లో గోడ ఉంది కదా.

గచ్చిబౌలి_రన్నర్
సార్ చెప్పింది పాత పద్ధతి. ఇది మజిల్ మెమరీ. కొన్ని వేలసార్లు కొడితే కండరం గుర్తు పెట్టుకుంటుంది, ఇక కోచ్ చెప్పాల్సింది ఏమీ ఉండదు. మీ పాప ఆ స్థాయికి వచ్చేసింది, అందుకే ఆయన మాట్లాడట్లేదు. సంతోషించండి.

రామంతాపూర్_అక్క
పద్నాలుగేళ్లుగా మా కాలనీ కోర్టులో పిల్లలకి షటిల్ నేర్పుతున్నా. రన్నర్‌గారు సగం కరెక్ట్. ఆ పాప ఏదో మెట్టు దాటింది నిజమే, కానీ చివరి మెట్టు ఎక్కలేదని నా అనుమానం. ఎక్కి ఉంటే వరసగా నాలుగు నెట్‌లో పడవు. కండరానికి జ్ఞాపకం కూడా ఉండదు, నేర్చుకునేది మెదడే.

1967లో ఫిట్స్, పోస్నర్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఒంటితో చేసే పనిని మనిషి మూడు దశల్లో నేర్చుకుంటాడని చెప్పారు. మొదట ఆలోచిస్తూ చేసే దశ, తర్వాత సరిచేసుకుంటూ కుదురుకునే దశ, చివరికి చెయ్యి తనంతట తాను చేసుకుపోయే దశ. కోర్టులో నేను వీటిని పేర్లతో గుర్తుపట్టను, తప్పుల్ని చూసి గుర్తుపడతాను.

కొత్త పిల్ల ఇరవై సర్వీసులు కొడితే ఇరవై రకాలుగా పోతాయి. ఒకటి నెట్‌లో, ఒకటి తల మీద నుంచి, ఒకటి పక్క కోర్టులోకి, ఒకటి రాకెట్‌కే తగలదు. ఏం తప్పు జరిగిందని అడిగితే మొహం చూస్తుంది. పెదాలు కదుపుతూ తనకి తానే చెప్పుకుంటుంది కూడా. అప్పుడు చెప్పక తప్పదు, కానీ ఒకసారికి ఒక్కటే. నేనైతే మొదటి వారం గ్రిప్ తప్ప ఏదీ ఎత్తను, అది కూడా మాటకంటే చేత్తో పట్టించి చూపిస్తాను.

రెండో దశలో తప్పులు తగ్గుతాయి, అంతకంటే ముఖ్యంగా అన్నీ ఒకే రకంగా ఉంటాయి. అన్నీ నెట్ పై అంచున ఉండే టేప్‌కి తగులుతాయి, లేదా అన్నీ ఒక బెత్తెడు ఎక్కువ లేస్తాయి. కాక్ నేల మీద పడకముందే "అబ్బా" అంటుంది. ఆ "అబ్బా" వినబడిందంటే తప్పు తనకే తెలుస్తోందన్నమాట. నేను నోరు మూసుకోవడం అక్కడే మొదలుపెడతా. నాన్నగారూ, మీ కోచ్ అడిగే ప్రశ్న ఆ "అబ్బా"ని పదును పెట్టడానికే. ఆ నాలుగూ ఎలా పడ్డాయి, గుర్తుందా?

కూకట్‌పల్లి_నాన్న
గుర్తుంది. నాలుగూ టేప్‌కి తగిలి ఇవతలే పడ్డాయి. నాలుగోదానికి రాకెట్‌తో తొడ మీద కొట్టుకుంది, కాక్ ఇంకా గాల్లోనే ఉంది.

రామంతాపూర్_అక్క
చూశారా మరి.

రిటైర్డ్_పీఈటీ
తప్పు తెలిసినంత మాత్రాన దిద్దుకోవడం వస్తుందా అమ్మా? ఎందుకు టేప్‌కి తగులుతోందో చెప్పేవాడు ఉండాలి కదా.

రామంతాపూర్_అక్క
ఉండాలి సార్. ఎప్పుడు చెప్పాలన్నదే తేడా. ప్రతి సర్వీస్‌కీ చెప్తే ఆ రోజు బ్రహ్మాండంగా కొడుతుంది. మర్నాడు పొద్దున్న ఎవరూ చెప్పకుండా మొదటి పది కొట్టించండి, నిన్నటి ఆట కనబడదు. ఎందుకంటే నిన్న తన చేతిని నమ్ముకోలేదు, నా గొంతుని నమ్ముకుంది. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ అనే ఇద్దరు ఇదే పరీక్షించారు. ఒక గుంపుకి ప్రతిసారీ ఫలితం చెప్పారు, ఇంకో గుంపుకి సుమారు సగంసార్లే, అదీ పోనుపోను తగ్గిస్తూ చెప్పారు. మర్నాడు ఏమీ చెప్పకుండా చేయిస్తే రెండో గుంపే మెరుగ్గా చేసింది. అందుకే నేను సాయంత్రం ఆట చూసి నేర్చుకున్నారని అనుకోను, మర్నాడు మొదటి పది లెక్కేస్తా.

రిటైర్డ్_పీఈటీ
మాకు ఒక్కో పీరియడ్‌కి అరవై మంది ఉండేవాళ్లు. ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు ఆగాలి అని చూసుకునే తీరిక ఉండేది కాదు. మర్నాడు పది లెక్కేసే మాట మాత్రం బాగుంది.

ఫిజియో_లత
నాది ఆటల ఫీల్డ్ కాదు, పక్షవాతం వచ్చినవాళ్లని మళ్లీ నడిపించే పని. కానీ ఇక్కడ చెప్తున్నదంతా రోజూ చూస్తున్నదే. యాభై ఏళ్లు ఆలోచించకుండా నడిచిన మనిషి ఒక్క రోజులో మొదటి దశకి వచ్చేస్తాడు, ఒక్కో అడుగూ ఆలోచించి వేయాల్సి వస్తుంది. చదువైన కొత్తలో "మోకాలు వంచండి, మడమ ముందు ఆనించండి, నడుము తిప్పకండి" అని అన్నీ కలిపి చెప్పేదాన్ని. ఆయన బిగుసుకుపోయి నిలబడిపోయేవారు. ఇప్పుడు నేల మీద రంగు టేప్ అంటించి "ఈ గీత దాటండి" అంటా. మోకాలు దానంతటదే వంగుతుంది. ఎంత చెప్పామన్నదే కాదు, చూపు ఎటు తిప్పామన్నది కూడా చూడాలి.

రామంతాపూర్_అక్క
లతగారూ, సరిగ్గా ఇదే. గాబ్రియేల్ వుల్ఫ్ అనే ఆవిడ, ఆవిడ తోటివాళ్లు 1998లో స్కీయింగ్ నేర్పే ఒక యంత్రం మీద చేశారు. కొందరికి "పాదాలతో తొయ్యండి" అన్నారు, కొందరికి "పాదాల కింద ఉన్న చక్రాల్ని తొయ్యండి" అన్నారు. చేసే పని ఒకటే, మాటే వేరు. చక్రాల మీద దృష్టి పెట్టినవాళ్లు బాగా నేర్చుకున్నారు. షార్ట్ సర్వీస్‌కి నేను నెట్ స్తంభాలకి పైన రెండు కర్రలు కట్టి, టేప్‌కి ఒక జానెడు ఎత్తున దారం లాగుతా. "దారానికీ టేప్‌కీ మధ్యలోంచి పంపు" అనే ఒక్క మాట చాలు. మణికట్టు ఊసే ఎత్తను.

రిటైర్డ్_పీఈటీ
గ్రిప్ తప్పు పట్టుకున్నవాడికి దారం ఏం నేర్పుతుంది? బొటనవేలు ఎక్కడుండాలో వేలు చూపించే చెప్పాలి.

రామంతాపూర్_అక్క
ఒప్పుకుంటా సార్. గ్రిప్ విషయంలో నేనూ వేలు పట్టుకునే పెడతా. ఫోర్‌హ్యాండ్ గ్రిప్‌తో బ్యాక్‌హ్యాండ్ సర్వీస్ కొట్టేవాడికి దారం కట్టినా ఉపయోగం లేదు. ఒంటి మాట పూర్తిగా ఎప్పుడు ఆపాలన్నది నాకే ఒక్కో పిల్లతో ఒక్కోలా ఉంటుంది.

ఉప్పల్_లెగ్గీ
నా కథ వేరే. పదిహేడేళ్లప్పుడు లెగ్ స్పిన్ మస్తుగ పడేది, లీగ్‌లో వికెట్లు తీస్తుండేవాణ్ణి. కొత్తగ వచ్చిన కోచ్ ఒకాయన "నీ ఎడమ చెయ్యి కిందికి జారుతుంది, పైకి లేపు" అన్నడు. సీజన్ నడుమల. అది లేపుడు మొదలువెట్టిన రోజు నుంచి బాల్ ఏడ పడతదో నాకే తెల్వదు. ఫుల్ టాస్, తర్వాత సగం పిచ్. ఎడమ చెయ్యి చూసుకుంటుంటే కుడి చెయ్యి మర్చిపోయిన. సీజన్ అంత పోయింది, టీంల చోటు పోయింది. కుదిరిన చేతిని కోచ్ ముట్టుకోవద్దు, నా మాట గిదే.

గచ్చిబౌలి_రన్నర్
లెగ్గీ భాయ్, నేను చెప్పింది కూడా ఇదే కదా. కుదిరాక కోచ్ పని అయిపోయినట్టే.

రామంతాపూర్_అక్క
అయిపోదు. లెగ్గీ తమ్ముడి కోచ్ చెప్పింది తప్పో ఒప్పో నేను చూడలేదు, చెప్పిన వేళ మాత్రం తప్పు. తనంతట తాను జరిగిపోయే పనిని విప్పి చూడమంటే మనిషి ఆ పని వరకూ మళ్లీ మొదటి దశకి వెళ్తాడు. వెళ్లొచ్చు, ఒక్కోసారి వెళ్లాలి కూడా, తప్పుగా కుదిరిన చెయ్యి భుజం పాడు చేస్తుంది. కానీ సీజన్ అయిపోయాక, మ్యాచ్‌లు లేని రెండు మూడు నెలల్లో, "కొన్నాళ్లు అధ్వానంగా పడుతుంది, భయపడకు" అని ముందే చెప్పి చెయ్యాలి. శనివారం మ్యాచ్ పెట్టుకుని బుధవారం చెయ్యి మార్చమంటే ఎవరికైనా అదే గతి.

2002లో బీలాక్, ఆమె తోటివాళ్లు ఫుట్‌బాల్ ఆటగాళ్లతో చేసిన ప్రయోగం ఒకటుంది, కోచింగ్ చేసేవాళ్లంతా తెలుసుకోవాల్సింది. అనుభవం ఉన్న ఆటగాళ్లని శంకువుల మధ్య నుంచి బంతి నడిపించమన్నారు. ఒకసారి పాదంలో ఏ వైపు బంతికి తగులుతోందో గమనించమన్నారు, ఇంకోసారి వినిపించే మాటల్లో ఒక మాట వచ్చినప్పుడు తిరిగి పలకమన్నారు, అంటే దృష్టి వేరేచోట. అలవాటైన కుడికాలితో ఆడేటప్పుడు పాదాన్ని గమనిస్తే ఆట నెమ్మదించింది, దృష్టి పక్కన ఉంటేనే బాగా ఆడారు. అదే మనుషులు ఎడమకాలితో ఆడితే తలకిందులు, గమనించినప్పుడే మెరుగ్గా ఆడారు. మనిషి ఒక్కడే, ఒక కాలు ఒక దశలో, ఇంకో కాలు ఇంకో దశలో. అందుకే "ఈ పిల్ల ఏ దశలో ఉంది" అని అడగను, "ఈ పిల్ల ఈ సర్వీస్‌లో ఏ దశలో ఉంది" అని అడుగుతా.

ఉప్పల్_లెగ్గీ
కాలు ముచ్చట మంచిగుంది అక్కా. గానీ రెండు నెలలు ఆట పక్కకు వెట్టి కూసుంటే ఎవడు టీంల ఉంచుతడు? సెలెక్షన్ చేసేటోళ్లకు గీ దశలు తెల్వయి.

రామంతాపూర్_అక్క
దానికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. మా కాలనీ పిల్లలకి సెలెక్షన్ గోల తక్కువ కాబట్టి నాకు సులువు.

నాన్నగారూ, ఇంట్లోనే చేసే పరీక్ష ఒకటి చెప్తా. మామూలుగా ఇరవై సర్వీసులు కొట్టించి ఎన్ని సరిగ్గా పడ్డాయో రాసుకోండి. తర్వాత పదమూడో ఎక్కం పైకి చదువుతూ ఇంకో ఇరవై. చెయ్యి తనంతట తాను చేసుకుపోతుంటే రెండు లెక్కలూ దగ్గరగా ఉంటాయి. ఎక్కం మొదలవగానే సర్వీస్ పడిపోతే ఇంకా బుర్ర పెట్టి కొడుతోందన్నమాట. ఒక్క రోజు లెక్క నమ్మకండి, ఇరవైలో రెండు మూడు అటూ ఇటూ ఊరికే అవుతాయి. మూడు రోజులు చేయండి.

బోయిన్‌పల్లి_బుజ్జి
పదమూడో ఎక్కం నాకు కూర్చున్నా రాదు అక్కా, ఆ పాపకి ముందు ఎక్కం కోచింగ్ ఇప్పించాలేమో 😄

రామంతాపూర్_అక్క
అయితే వంద నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమనండి బుజ్జీ. వచ్చిన ఎక్కమైతే అది కూడా దానంతటదే నోట్లోంచి వచ్చేస్తుంది, పరీక్ష కాదు. మంచి మాటే గుర్తు చేశావు.

కూకట్‌పల్లి_నాన్న
మూడు రోజులు చేశాం, మా అపార్ట్‌మెంట్ కోర్టులో, దారం కట్టి. మామూలుగా ఇరవైకి 14, 13, 15. వంద నుంచి మూడేసి తగ్గిస్తూ 9, 8, 10. లెక్కపెడుతున్నప్పుడు పడని వాటిలో ఎక్కువ టేప్‌కే. ఇంకోటి కూడా చూశాం. లెక్కలో తడబడి ఆగిపోయినప్పుడు సర్వీస్ బాగానే వెళ్లింది, లెక్క సరిగ్గా చెప్పినప్పుడు సర్వీస్ పోయింది.

రామంతాపూర్_అక్క
ఆ రెండో సంగతి చాలా బాగా చూశారు. ఉన్న దృష్టి ఒకటే, లెక్కకి ఇస్తే సర్వీస్‌కి లేదు. అంటే మధ్య దశ. మీ కోచ్ మౌనం "ఇక చెప్పేదేం లేదు" అని కాదు. తను కనిపెట్టుకుంటున్నప్పుడు మధ్యలో దూరకూడదని. ఇప్పుడు టోర్నమెంట్‌లో ఏమైందో చెప్పండి, అసలు ముడి అక్కడుంది.

కూకట్‌పల్లి_నాన్న
మొదటి గేమ్‌లో సర్వీస్ బాగానే పడింది. రెండో గేమ్ మొదట్లో ఎత్తు ఎక్కువని అంపైర్ ఫాల్ట్ ఇచ్చాడు, రెండు సర్వీసుల తర్వాత మళ్లీ ఇంకోటి. పాప ఈ ఏడాది ఎనిమిది సెంటీమీటర్లు పెరిగింది, దాని వల్లేనేమో. నేను పై నుంచి "చెయ్యి కిందికి దించు, మణికట్టు గట్టిగా పట్టు" అని అరిచాను. ఒకసారి కాదు, ప్రతి సర్వీస్‌కీ. అక్కడి నుంచి నెట్‌లో, తర్వాత చాలా ఎత్తుగా, ఒకటైతే కాక్‌కి తగల్లేదు కూడా. కోచ్ ఇంటర్వెల్‌లో మంచినీళ్లిచ్చి "ఎదుటమ్మాయి ఎక్కడ నిలబడుతోందో చూడు" అన్నారు. అప్పుడు నాకు ఒళ్లు మండింది, ఫాల్ట్ గురించి ఒక్క మాట చెప్పలేదని.

ఇది రాస్తుంటే తెలుస్తోంది. రకరకాలుగా పోవడం మొదలైంది నేను అరిచాకే. మీరు మొదట్లో చెప్పిన ఇరవై రకాలు అవే కదా.

ఫిజియో_లత
బాధపడకండి. పేషెంట్ల ఇళ్లల్లో రోజూ చూస్తాను, ప్రేమ ఎక్కువైనవాళ్లే పక్కన నిలబడి "జాగ్రత్త, కాలు, కాలు" అంటారు. ఆ మాట విన్న మరుక్షణం కాలు తడబడుతుంది.

రిటైర్డ్_పీఈటీ
కానీ ఫాల్ట్ నిజమే కదా. అంపైర్ ఇస్తున్నాడు, పాయింట్లు పోతున్నాయి. ఎవరో ఒకరు చెప్పాలా వద్దా?

రామంతాపూర్_అక్క
చెప్పాలి సార్, ఇది నిజంగా కష్టమైన చోటు. 2018 నుంచి కొట్టే క్షణంలో కాక్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కింద ఉండాలని రూలు. పొట్టిగా ఉన్న పిల్లకి అది ఛాతీ దగ్గర, పట్టించుకోనక్కర్లేదు. ఎనిమిది సెంటీమీటర్లు పెరిగిన పిల్ల చెయ్యి అదే చోట పెడితే కాక్ కూడా పైకి లేస్తుంది, తనేం మార్చకపోయినా. మ్యాచ్‌లో నేనైతే "కాక్‌ని షార్ట్స్ వైపు దించి పట్టుకో" అని ఒకేఒక్కసారి చెప్పి ఊరుకుంటా. మణికట్టు అనను, చెయ్యి అనను. మీ కోచ్ అదీ చెప్పలేదు. అది ఆయన నిర్ణయం, నేనైతే చెప్పేదాన్నేమో.

అసలు పని తర్వాత. రెండు కుర్చీల మధ్య 1.15 మీటర్ల ఎత్తున దారం కట్టి దాని వెనక నిలబెట్టండి. కాక్ దారం కింద ఉండాలి, అంతే షరతు. కొట్టే చోటు కిందికి దిగింది కాబట్టి నెట్ దాటాలంటే కోణం మారుతుంది, కొన్నాళ్లు టేప్‌కే తగులుతాయి. ఇప్పుడు పడుతున్న ఆ టేప్ దెబ్బలు అవే అయ్యుండొచ్చు. మీ కోచ్ ఇప్పటికే ఎత్తు మార్చడం మొదలుపెట్టారేమో అడిగి చూడండి.

కూకట్‌పల్లి_నాన్న
నిన్న అడిగాను. మొహమాటం పక్కన పెట్టి, ప్రాక్టీస్ అయ్యాక. టోర్నమెంట్ మర్నాటి నుంచే ఎత్తు దించుతున్నారట, పాపకి చెప్పారట, నాకు చెప్పాలని తోచలేదట. ఆ నాలుగు నెట్ సర్వీసులు కొత్త ఎత్తువే.

ఇంకో విషయం. నిన్న షార్ట్ సర్వీస్ అయ్యాక అదే కోర్టులో ఫ్లిక్ సర్వీస్ మొదలుపెట్టించారు, అంటే షార్ట్ సర్వీస్‌లాగే మొదలుపెట్టి చివర్లో ఎదుటివాళ్ల మీదుగా వెనక్కి లేపేది, పాపకి అది కొత్త. అప్పుడు ఆయన నోరు మూత పడలేదు. మొదట తను నాలుగు కొట్టి చూపించారు, తర్వాత పాప వేళ్ల మీద చెయ్యి వేసి "ఇక్కడ వదులు, కొట్టేటప్పుడే బిగించు" అని ప్రతిదానికీ చెప్పారు. పదిహేను నిమిషాల క్రితం శిలలా నిలబడ్డ మనిషి. మీరు చెప్పిన ఎడమకాలు గుర్తొచ్చింది.

ఉప్పల్_లెగ్గీ
గా కోచ్ నాకు దొరికితే ఎంత బాగుండు.

గచ్చిబౌలి_రన్నర్
ఒక డౌట్. చివరి దశకి వచ్చాక కోచ్ ఇంకేం చెప్తాడు మరి? నాకు రన్నింగ్‌లో కాళ్ల గురించి ఆలోచన ఉండదు, వేగం గురించే ఉంటుంది.

రామంతాపూర్_అక్క
మీరే జవాబు చెప్పేశారు. ఒంటి గురించి కాదు, ఆట గురించి చెప్తాం. షార్ట్ సర్వీస్ కుదిరిన పిల్లకి "ఆ అమ్మాయి బరువు ముందు కాలి మీద వేసి ఎదురుచూస్తోంది, ఎప్పుడు ఫ్లిక్ చేస్తావు?" అని అడుగుతా. ఆ పిల్ల దానికి జవాబు చెప్పగలిగిందంటే సర్వీస్ కొట్టేటప్పుడు కళ్లు ఖాళీగా ఉన్నాయన్నమాట. మొదటి దశ పిల్లని అదే అడిగితే "అవతల అమ్మాయి ఉందా?" అంటుంది. అయితే ఈ దశల మధ్య గోడలేం ఉండవు, మొన్న కుదిరింది ఒత్తిడిలో ఇవాళ కాస్త వెనక్కి జారుతుంది.

రిటైర్డ్_పీఈటీ
వచ్చే ఆదివారం మా మనవడికి కుర్చీల దారం కట్టి చూస్తా. గ్రిప్ మాత్రం నేనే పట్టిస్తా, అందులో రాజీ లేదు.

కూకట్‌పల్లి_నాన్న
సరూర్‌నగర్‌లో మూడు వారాల్లో ఇంకో టోర్నమెంట్ ఉంది. అప్పటికి కొత్త ఎత్తు కుదురుతుందా అని కోచ్‌ని అడిగితే "కుదరకపోవచ్చు, అయినా ఆడనిద్దాం" అన్నారు. ఆడించాలా, ఆపాలా తేల్చుకోలేకపోతున్నా. లెగ్గీగారి సీజన్ గుర్తొస్తోంది.

రామంతాపూర్_అక్క
నేనైతే ఆపుతా. కానీ ఆయన రోజూ చూస్తున్నారు, నేను చూడట్లేదు. ఆడిస్తే మీరు గ్యాలరీలో కాకుండా బయట టీ దగ్గర కూర్చోండి.

కూకట్‌పల్లి_నాన్న
పాప కూడా అదే అంది.